మిగిలిపోయిన 43 మాత్రలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 34 ఏళ్లు. జగిత్యాలలో బట్టల షాపులో పని చేస్తాడు. ఆరు నెలల కింద రక్త పరీక్షలో తెల్ల కణాలు 1,86,000 ఉన్నాయి, సీఎంఎల్ అనే రక్త కేన్సర్ అన్నారు. ఇమాటినిబ్ 400 మాత్ర రోజుకొకటి రాశారు. రెండు నెలలకే కౌంట్ 7,000కి వచ్చింది, కడుపులో బల్ల కూడా తగ్గింది. కానీ బీసీఆర్-ఏబీఎల్ టెస్టు మూడో నెల 8.2 శాతం, ఇప్పుడు ఆరో నెల 6.5 శాతం వచ్చింది. ఇంకో మందుకు మార్చాల్సి రావచ్చని డాక్టర్ అన్నారు. నిన్న వాడి బీరువా సర్దుతుంటే వాడని స్ట్రిప్పులు నాలుగు, విడిగా ఇంకో మూడు మాత్రలు దొరికాయి. అడిగితే "కౌంట్ నార్మల్ కదా అక్కా, వేసుకుంటే వాంతి వచ్చినట్టుంటోంది, పొద్దున మొహం ఉబ్బుతోంది, అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటున్నా" అన్నాడు. డాక్టర్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు మందు మార్చాలా? మూలుగ మార్పిడి చేయించేయమని బంధువులు అంటున్నారు. వాడి ఇద్దరు పిల్లలకు కూడా ఈ జబ్బు వస్తుందా?
ఒక అక్క

జవాబు: అమ్మా, మందు ఓడిపోయిందో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే మందు లోపలికి పూర్తిగా వెళ్లలేదు. ముందు మీకు దొరికిన ఆ మాత్రలు లెక్కపెడదాం. స్ట్రిప్పుకి పది చొప్పున నాలుగు స్ట్రిప్పులు, విడిగా మూడు, మొత్తం 43. ఆరు నెలలకు వేసుకోవాల్సినవి 180. అంటే వేసుకున్నవి 137, నూటికి 76. ఇంకొంచెం దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మూడో నెల రిపోర్టు 8.2 అంటే బాగా తగ్గినట్టే, మొదటి మూడు నెలల్లో పది శాతం లోపుకి రావాలి, వచ్చింది. కౌంట్ నార్మల్ అని ధైర్యం వచ్చింది ఆ తర్వాతే అయ్యుంటుంది. ఆ 43 మాత్రలూ తర్వాతి మూడు నెలల్లో మిగిల్చినవే అనుకుంటే, 90కి వేసుకున్నది 47. "రోజు విడిచి రోజు" అన్న మాటకి ఆ లెక్క అచ్చంగా సరిపోతోంది. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే అంకె 8.2 నుంచి 6.5 దగ్గర ఆగిపోయింది. ఒకటికో, ఆ లోపుకో రావాల్సింది.

మాత్రలు తప్పితే ఏమవుతుందో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి వాళ్లు ఒకసారి కొలిచి చూశారు, 2010లో ప్రచురించారు. 87 మంది పేషెంట్లకు మాత్రల డబ్బా మూతలో చిన్న చిప్ పెట్టి, మూత ఎప్పుడెప్పుడు తెరిచారో మూడు నెలలపాటు నమోదు చేశారు. వీళ్లంతా చాలాకాలంగా ఇమాటినిబ్ మీదున్నవాళ్లు. నూటికి 90కి పైగా డోసులు వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకి మంచి జన్యుస్థాయి ఫలితం, అంటే 0.1 శాతం లోపుకి వచ్చే అవకాశం 94.5 శాతం ఉంది. 90, అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో అది 28.4కి పడిపోయింది. 80, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో ఆ ఫలితం ఒక్కరికీ రాలేదు. నెలకి 90 శాతం అంటే మూడు మాత్రలు తప్పడం. మూడంటే మూడు. మీ తమ్ముడు నెలకి పదిహేను తప్పించాడు.

కౌంట్ నార్మల్ అయ్యాక కూడా ఎందుకింత పట్టుదల అని అతను అడుగుతాడు, అడగాలి కూడా. కౌంట్ చూసేది రక్తంలో తిరిగే కణాల సంఖ్యని. ఫ్యాక్టరీ మూలుగలో ఉంది. సీఎంఎల్ బయటపడే నాటికి ఒంట్లో జబ్బు కణాలు సుమారుగా లక్ష కోట్లు ఉంటాయని లెక్క వేస్తారు. వాటిలో నూటికి తొంభై పోయినా కౌంట్ దాదాపు నార్మల్‌కి వచ్చేస్తుంది, బల్ల కరిగిపోతుంది, మనిషికి ఆకలి పుడుతుంది, షాపుకి వెళ్తాడు. అప్పటికీ ఇంకా పదివేల కోట్లు ఉన్నట్టే. ఆ మిగిలినవాటిని కౌంట్ చూపించదు. బీసీఆర్-ఏబీఎల్ టెస్టు చూపిస్తుంది, అది వేలల్లో ఒక్క కణాన్ని కూడా పట్టుకోగలదు. 6.5 శాతం అంటే మోటు లెక్కన ఇంకో ఆరువేల ఐదువందల కోట్ల కణాలు. 0.1 శాతానికి వస్తే అవి వంద కోట్లకి దిగుతాయి. అందుకే సీఎంఎల్‌లో మేం కౌంట్‌ని మొదటి రెండు నెలలే గట్టిగా చూస్తాం, ఆ తర్వాత మా కళ్లన్నీ ఆ శాతం మీదే.

ఇక ఆ కణం ఎందుకు అంత మొండిదో చెప్తాను, అది తెలిస్తే మీ తమ్ముడికి మాత్ర విలువ వేరేలా కనిపిస్తుంది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బున్నవాళ్ల కణాలను మైక్రోస్కోపు కింద చూస్తుంటే, ప్రతిసారీ ఒక క్రోమోజోమ్ మామూలు కంటే పొట్టిగా కనిపించింది. దానికి ఊరి పేరే పెట్టారు, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని. ఒక కేన్సర్ వెనక ఎప్పుడూ ఒకే జన్యు లోపం ఉంటుందని తేలడం అదే మొదలు. పొట్టిగా ఎందుకుందో తెలియడానికి పదమూడేళ్లు పట్టింది. చికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ క్రోమోజోమ్‌ల ఫోటోలు కత్తిరించి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పరిచి పోల్చి చూసేవారు. 1973లో ఆవిడ కనిపెట్టిందేమిటంటే, 22వ క్రోమోజోమ్ ముక్క ఎక్కడికీ మాయం కాలేదు, 9వ దానికి అతుక్కుంది. 9వ దాని కొస తెగి 22కి అతుక్కుంది. రెండూ ముక్కలు మార్చుకున్నాయి. కేన్సర్‌లో క్రోమోజోమ్‌లు ఇలా ముక్కలు మార్చుకోవడాన్ని అప్పట్లో చాలామంది నమ్మలేదు. ఆవిడ మాత్రం వదల్లేదు.

ఆ అతుకు పడిన చోట, 22 మీద ఉండే బీసీఆర్ అనే జన్యువు సగం, 9 మీద నుంచి వచ్చిన ఏబీఎల్ అనే జన్యువు చాలా భాగం, రెండూ కలిసి ఒకే జన్యువుగా చదవబడతాయి. అదే మీ రిపోర్టులో ఉన్న బీసీఆర్-ఏబీఎల్. ఏబీఎల్ ప్రతి మనిషిలోనూ ఉంటుంది, అదొక టైరోసిన్ కైనేజ్, అంటే కణంలో "ఇక పెరుగు, రెండుగా చీలు" అనే కబుర్లను ముందుకు పంపే ప్రోటీన్. మంచి ఏబీఎల్ తనను తాను మడిచి ఆఫ్‌లో పెట్టుకుని ఉంటుంది, అవసరం పడ్డప్పుడే ఆన్ అవుతుంది. ఆ మడతని పట్టి ఉంచే తలభాగం అతుకు పడేటప్పుడు తెగిపోతుంది, దాని స్థానంలో వచ్చిన బీసీఆర్ ముక్క ఈ ప్రోటీన్లను జంటలుగా దగ్గరికి లాగి ఒకదాన్నొకటి ఆన్ చేసేలా చేస్తుంది.

పొలంలో బోరు మోటారు ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. స్టార్టర్ మీద ఎర్ర బటన్ ఊడిపోయింది. పచ్చది నొక్కినట్టే ఇరుక్కుపోయింది. కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడుస్తూనే ఉంటుంది, మడి నిండినా ఆగదు. మూలుగలో ఒక్క కణంలో ఈ స్టార్టర్ ఇరుక్కుంటే చాలు, ఆ కణం, దాని పిల్లలు, వాటి పిల్లలు, అన్నిటిలోనూ అదే స్టార్టర్. మీ తమ్ముడి 1,86,000 అలా వచ్చిందే.

ఇప్పుడు ఇమాటినిబ్ ఏం చేస్తుంది? అది స్టార్టర్‌ని బాగు చేయదు. జన్యువు అతుకు అలాగే ఉంటుంది. ఈ కైనేజ్ పని చేయాలంటే ఏటీపీ అనే శక్తి అణువు దాని మధ్యలో ఉన్న ఒక గాడిలో కూర్చోవాలి. ఇమాటినిబ్ వెళ్లి ఆ గాడిలో ముందే కూర్చుంటుంది. ఫ్యూజు క్యారియర్ పెట్టే చోట ఎవరో చెక్కముక్క దూర్చినట్టు. చెక్కముక్క ఉన్నంతసేపు మోటారు ఆగిపోతుంది, ఆ సంకేతం లేక జబ్బు కణం చచ్చిపోతుంది. చెక్క తీస్తే మళ్లీ తిరుగుతుంది. రక్తంలో ఇమాటినిబ్ సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే గాడి ఖాళీ కాకుండా ఉంటుంది. రోజు విడిచి వేసుకుంటే 48 గంటలు గడిచేసరికి మిగిలేది ఆరో వంతు. ఆ రెండో రోజు మోటార్లు చాలావరకు మళ్లీ నడుస్తుంటాయి.

ఇంకో లెక్క చూడండి. 400 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజంటే సగటున రోజుకి 200. ఈ మందుని మొదటిసారి మనుషులకిచ్చింది 1998 జూన్‌లో. ఒరెగాన్‌లో బ్రయాన్ డ్రూకర్ అనే డాక్టర్ పట్టుబట్టి నడిపించిన ట్రయల్ అది. మందు కంపెనీ ల్యాబ్‌లో తయారైంది, అక్కడ నికొలస్ లిడన్ ఆ పని చూశారు. రోజుకి 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయారు. 300, ఆపైన తీసుకున్న, అప్పటి మందు ఇంటర్‌ఫెరాన్ పని చేయని 54 మందిలో 53 మందికి కౌంట్ పూర్తిగా నార్మల్‌కి వచ్చింది. 300 లోపు అంత గట్టి ఫలితం రాలేదు. ఇమాటినిబ్‌ని అంతకంటే తక్కువ డోసులో నడపకూడదని మేం అనేది అందుకే. మీ తమ్ముడు తనకు తెలియకుండానే పని చేయని డోసులోకి వెళ్లిపోయాడు.

అంతకు ముందు ఎలా ఉండేదో నేను కళ్లారా చూశాను కాబట్టి ఈ మాత్రని నిర్లక్ష్యం చేస్తే నాకు కష్టంగా ఉంటుంది. 1990లలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్న వార్డులో ఒక చేనేత కార్మికుడు ఉండేవాడు, మగ్గం ముందు కూర్చుంటే బల్ల అడ్డొచ్చి వంగలేకపోతున్నానని వచ్చాడు. బొడ్డు దాకా ఉంది బల్ల. హైడ్రాక్సీయూరియా ఇస్తే కౌంట్ దిగేది, బల్ల తగ్గేది, ఇంటికి వెళ్లేవాడు. చూడ్డానికి ఇప్పటి మీ తమ్ముడిలాగే. కానీ ఆ మందు మోటారుని తాకదు, పైన పొంగిన నీళ్లు తోడేస్తుందంతే. మూడేళ్లు తిరిగాక ఒక వేసవిలో జ్వరంతో, చిగుళ్ల నుంచి రక్తంతో వచ్చాడు. జబ్బు ముదిరి బ్లాస్ట్ దశలోకి, అంటే తీవ్రమైన లుకేమియాలోకి మారిపోయింది. అక్కణ్నుంచి కొద్ది వారాలే. అప్పట్లో సీఎంఎల్ అంటే మూడు నుంచి ఐదేళ్ల బతుకు అని చెప్పేవాళ్లం. కొంచెం డబ్బున్నవాళ్లకి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, దాంతో రోజూ జ్వరం, ఒళ్లు నొప్పులు. తోబుట్టువుది సరిపోయి, ఖర్చు పెట్టుకోగలిగితే మూలుగ మార్పిడి.

2001 మేలో ఇమాటినిబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. 1,106 మంది కొత్త పేషెంట్లను రెండు గుంపులు చేసి, ఒకరికి ఇమాటినిబ్, ఇంకొకరికి ఇంటర్‌ఫెరాన్‌తో ఇంకో మందు ఇచ్చి పోల్చిన ట్రయల్ ఉంది. పదేళ్లు గడిచాక ఇమాటినిబ్ గుంపులో 83 శాతం మంది బతికి ఉన్నారు. మూడు నుంచి ఐదేళ్లు అని చెప్పిన జబ్బు ఇది. ఇప్పుడు మందు బాగా పని చేసినవాళ్లు దాదాపు మామూలు మనుషుల ఆయుష్షు బతుకుతున్నారు.

సరే, వాంతి, మొహం వాపు. ఇవి అతను కల్పించి చెప్పినవి కావు, ఇమాటినిబ్ నిజంగానే ఈ రెండూ చేస్తుంది, వీటి గురించి ముందే గట్టిగా చెప్పకపోవడం మా డాక్టర్ల తప్పే. మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే వికారం ఖాయం. రోజులో ఎక్కువగా తినేది ఏ పూటో ఆ పూట, కడుపు నిండా తిన్నాక, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. షాపు మూసి వచ్చి రాత్రి పదింటికి అన్నం తిని, మాత్ర వేసుకుని, వెంటనే మంచమెక్కితే మందు గొంతులోకి తన్నుతుంది. అలాంటప్పుడు మధ్యాహ్నం భోజనానికి మార్చుకోమనండి, క్యారియర్‌లోనే ఒక మాత్ర పెట్టి పంపండి. అప్పటికీ వికారం ఉంటే వాంతుల మాత్ర రాసిస్తారు. పొద్దున కళ్ల చుట్టూ ఉబ్బు చాలామందికి వస్తుంది, ఉప్పు, పచ్చళ్లు తగ్గించి, తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే తగ్గుతుంది, మధ్యాహ్నానికి చాలావరకు దిగిపోతుంది కూడా. ఒంట్లో నీరు చేరి బరువు గబగబా పెరిగినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పిక్కలు పట్టేయడం కూడా మామూలే. ఒంటి రంగు కొంచెం తేటపడొచ్చు, మన ఒళ్లలో అది బాగా కనిపిస్తుంది, దానికి భయపడి మాత్ర ఆపాల్సిన పని లేదు.

మాత్ర మర్చిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు తిని వేసుకోవాలి. మర్నాడు గుర్తొస్తే పోయిందానికి బదులుగా రెండు వేసుకోకూడదు. ఇంకో మాట, వేరే మందు ఏది మొదలుపెట్టినా సీఎంఎల్ డాక్టర్‌కి చెప్పాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటివి లివర్‌ని రేపి ఇమాటినిబ్‌ని గబగబా అరగదీసేస్తాయి, మాత్ర రోజూ వేసుకున్నా వేసుకోనట్టే అవుతుంది. పంపర పనస దీనికి ఎదురు పని చేసి రక్తంలో మందుని పెంచొచ్చు, అది మానేయడం మంచిది. ఎవరో చెప్పిన పసరు, చూర్ణం ఇందులో కలపొద్దు, లివర్ రిపోర్టు చెడితే ఏది చెడగొట్టిందో మాకు తెలియకుండా పోతుంది.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, మందు మార్చాలా? ఆరో నెలకి 1 శాతం లోపు ఉంటే బాగుంది. 10 దాటితే మందు విఫలమైనట్టే లెక్క. ఈ రెండిటి మధ్య ఉంటే హెచ్చరిక. 6.5 ఆ హెచ్చరిక గడిలో ఉంది. మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్న మనిషికి ఈ అంకె వచ్చి ఉంటే నేను వెంటనే కైనేజ్ మ్యుటేషన్ టెస్టు పంపి, మందు మార్చే ఆలోచన మొదలుపెట్టేదాన్ని. ఎందుకంటే కొందరిలో ఆ గాడి ఆకారమే మారిపోతుంది, చెక్కముక్క ఇక పట్టదు. ఎక్కడ మారిందో తెలిస్తే ఏ మందు పట్టేదీ తెలుస్తుంది. వాటిలో మొండిది టీ315ఐ అనే మార్పు. అది ఉంటే ఇమాటినిబ్‌తో పాటు దాని తర్వాత వచ్చిన ఇదే కోవ మందులు డసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ కూడా పనికిరావు. పోనాటినిబ్ గానీ, వేరే చోట పట్టుకునే ఆసిమినిబ్ గానీ కావాలి.

కానీ మీ తమ్ముడి విషయంలో ఆ 43 మాత్రలున్నాయి. అవి డాక్టర్‌కి తెలియకపోతే ఏమవుతుందంటే, ఇమాటినిబ్ ఓడిపోయిందని రాసి డసాటినిబ్‌కో, నిలోటినిబ్‌కో మారుస్తారు. అవి బలమైన మందులే, కానీ వాటి బాధలు వాటికున్నాయి. డసాటినిబ్‌తో కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. నిలోటినిబ్ ఖాళీ కడుపున రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, షుగర్ పెంచుతుంది, గుండె రక్తనాళాలకి ముప్పు ఉంది. షాపు పనిలో ఒక్కసారి వేసుకునే మాత్రే కుదరని మనిషికి రెండు పూటలా, తిండికి దూరంగా వేసుకోవడం కుదురుతుందా? అక్కడా తప్పిస్తాడు. అప్పుడు ఇంకో మందు ఓడిపోయినట్టు రాస్తారు. సగం సగం డోసుల్లో నడిపితే, గాడి మారిన కణాలు పెరగడానికి చోటు దొరుకుతుందనే భయం కూడా ఉంది. అలా ఒక్కో మందూ వృథా అయిపోతే చివరికి మిగిలేది మీ బంధువులు అంటున్న మూలుగ మార్పిడే.

ఆ మార్పిడి ఇప్పుడు మొదటి దారి కాదు. ఇమాటినిబ్ రాకముందు జబ్బుని మొదలంటా తీసే మార్గం అదొక్కటే, అందుకని పెద్దవాళ్ల నోట ఇంకా ఆ మాట వస్తుంది. మార్పిడిలోనే ప్రాణం పోయే ముప్పు తక్కువేం కాదు. రెండు మూడు మందులు నిజంగా ఓడినవాళ్లకి, బ్లాస్ట్ దశకి వెళ్లినవాళ్లకి దాన్ని దాచి ఉంచుతాం.

పిల్లల గురించి నిశ్చింతగా ఉండండి. ఆ అతుకు మీ తమ్ముడి మూలుగలో ఒక కణంలో, అతను పుట్టాక ఎప్పుడో పడింది. అది వీర్యంలోకి వెళ్లదు, పిల్లలకు రాదు. వాళ్లకు టెస్టులు చేయించాల్సిన అవసరం లేదు. తోడబుట్టిన మీకూ అవసరం లేదు.

డబ్బు సంగతి మీరు రాయలేదు కానీ, మాత్రలు పొదుపు చేస్తున్నాడేమో అన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంటుంది, అది కూడా మెల్లగా అడగండి. ఒకప్పుడు కంపెనీ బ్రాండు మాత్ర నెలకి లక్షా ఇరవై వేలు ఉండేది. మన దేశంలో తయారైన జెనరిక్ మాత్రలు ఎనిమిది, పది వేలకే దొరికేవి, వాటిని తెచ్చినవాటిలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఒకటి. పాత మందుకే కొత్త స్ఫటిక రూపం ఇచ్చి పేటెంట్ కోరితే కుదరదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కేసులో తీర్పు చెప్పాక ఆ దారి గట్టిపడింది, ధరలు తర్వాత ఇంకా దిగాయి. అయినా నెలనెలా కొనడం షాపు జీతంలో బరువే. కొనలేకపోతే మాత్రలు దాచుకోవద్దు, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి అడగండి, అక్కడ కుదరకపోతే డాక్టర్‌నే అడగండి, చాలా చోట్ల ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఈ వారంలోనే అతను వెళ్లి డాక్టర్‌ని కలవాలి. వికారానికి, వాపుకి మందు రాయించుకుని, రోజూ 400 మళ్లీ మొదలుపెట్టాలి. అలా ఒక్కటీ తప్పకుండా వేసుకున్నాక, ఒకటి నుంచి మూడు నెలల్లో, డాక్టర్ చెప్పిన తేదీకి టెస్టు మళ్లీ చేయించాలి. టెస్టు మాత్రం అదే ల్యాబ్‌లో, రిపోర్టు మీద ఐఎస్ అని ఉండేదే. ఐఎస్ అంటే అన్ని ల్యాబులూ ఒకే కొలబద్ద మీద చెప్పిన అంకె. అది లేని రిపోర్టుని పాత అంకెతో పోల్చకూడదు, ఒక ల్యాబ్ 6, ఇంకో ల్యాబ్ 3 చెప్పినా జబ్బు తగ్గినట్టు కాదు. అంకె బాగా దిగుతుంటే ఇదే మందు. మాత్రలన్నీ వేసుకున్నా 6 దగ్గరే ఉన్నా, పెరిగినా, అప్పుడు మ్యుటేషన్ టెస్టు, మందు మార్పు. ఏడాది నిండేసరికి 0.1 లోపు రావాలన్నది మామూలు గమ్యం. మధ్యలో మూడు నెలలు పోయాయి కాబట్టి అతనికి కొంచెం ఆలస్యం కావచ్చు, అది డాక్టర్ చూసుకుంటారు. కానీ ఏడాదికీ 1 శాతం పైనే ఉంటే ఇక ఆగకూడదు.

"జీవితమంతా వేసుకోవాలా" అని అతను అంటాడు, అందరూ అంటారు. నిజం చెప్పండి. ఐదేళ్లకి పైగా మాత్ర వేసుకుని, అందులో రెండు మూడేళ్లపాటు వరసగా అంకె 0.01 లోపే ఉన్నవాళ్లలో, డాక్టర్ పర్యవేక్షణలో మాత్ర ఆపి చూస్తున్నాం. సుమారు సగం మందికి జబ్బు తిరిగి రావట్లేదు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే అంకె లేస్తుంది, అందుకే మొదట్లో నెలనెలా టెస్టు చేస్తాం, లేవగానే మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ మళ్లీ దిగుతుంది. మాత్ర ఆపే దారి ఉంది, కానీ అది 0.01 అనే ఊరి మీదుగా పోతుంది. ఇప్పుడు 6.5 దగ్గర సొంతంగా ఆపడం ఆ దారిని మూసేసుకోవడం.

ఒట్టు గురించి. మీరు చాటుగా వెళ్లి చెప్పొద్దు, రేపు మీకు కూడా నిజం చెప్పడు. అతన్ని కూర్చోబెట్టి ఆ మాత్రలన్నీ మంచం మీద పోయండి, అతని చేతే లెక్కపెట్టించండి, మూడో నెల రిపోర్టు, ఆరో నెల రిపోర్టు పక్కన పెట్టండి. తిట్టకండి. తర్వాత ఆ మాత్రల సంచి అతనే పట్టుకుని ఓపీకి వెళ్లాలి. డాక్టర్ కోప్పడొచ్చు, పడనివ్వండి, ఆయన ఫైలులో 6.5 పక్కన 43 అని కూడా రాయాలి.